ల్యాప్‌టాప్ ఎత్తు పెంచినా చూపు కలవడం లేదంటున్నారు

"నాకు 44 ఏళ్లు. చాలాకాలం అకౌంట్స్‌లో చేసి, అత్తగారి అనారోగ్యంతో మానేశాను. ఇప్పుడు మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఇంటర్వ్యూలన్నీ వీడియోలోనే. మొదటిదానికి ల్యాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని మాట్లాడాను. తర్వాత అలాగే కూర్చుని మా అమ్మాయికి కాల్ చేస్తే, 'గడ్డం, సీలింగ్ ఫ్యాను తప్ప ఏం కనపడట్లేదమ్మా' అంది. రెండోసారి పుస్తకాలు పేర్చి కెమెరాను కళ్ల ఎత్తుకు తెచ్చాను. అయినా వాళ్లు 'మేడమ్, ఎదురుగా ఏమైనా పెట్టుకుని చదువుతున్నారా?' అని అడిగేశారు. మూడోసారి కెమెరా చుక్కనే చూస్తూ మాట్లాడాను. వాళ్ల ముఖాలు కనపడక, వాళ్లు మాట్లాడబోతుంటే నేనూ అందుకుని, ఆ టెన్షన్‌లో బాగా తెలిసిన జీఎస్టీ ప్రశ్నకే తడబడ్డాను. నాది 15.6 అంగుళాల ల్యాప్‌టాప్. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడతాను. పుస్తకాల మీద పెట్టాక గడ్డం ఎత్తితే గానీ అక్షరాలు ఆనడం లేదు. వచ్చే వారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ముగ్గురు అడుగుతారట, ఎక్సెల్ టెస్ట్ కూడా పెడతారట. నేను ఎక్కడ చూడాలి? ఎంత దూరంలో కూర్చోవాలి? అమ్మాయి ఫోన్‌లో చేస్తే నయమా?"
— ఒక పాఠకురాలు, గుంటూరు

మీరు పుస్తకాలు పేర్చడం మంచి పనే. కాకపోతే అది మొదటి ఇంటర్వ్యూలో వచ్చిన ఇబ్బందిని తీర్చింది, రెండోదాంట్లో వచ్చింది వేరే ఇబ్బంది. కెమెరా ఎత్తును బట్టి మీ ముఖం ఎటువైపు నుంచి కనపడుతుందో తేలుతుంది. మీ చూపు ఎక్కడ ఉన్నట్టు కనపడుతుందన్నది మాత్రం ఇంకో కొలత మీద ఆధారపడి ఉంటుంది. అది కెమెరాకూ, తెర మీద మీరు చూస్తున్న మనిషి కళ్లకూ మధ్య దూరం. ల్యాప్‌టాప్‌ను ఎంత ఎత్తినా కెమెరా, తెర రెండూ కలిసే పైకి వెళ్తాయి కాబట్టి ఆ దూరం మారదు. అందుకే ఫ్యాను, గడ్డం పోయాయి గానీ చూపు కిందికే ఉండిపోయింది.

మీ ల్యాప్‌టాప్ లెక్కే చూద్దాం. 15.6 అంగుళాల తెర ఎత్తు సుమారు 19 సెంటీమీటర్లు. మీటింగ్‌ను తెర నిండా పెట్టుకుంటే, అవతలి మనిషి కళ్లు కెమెరాకు దాదాపు 10 సెంటీమీటర్ల కింద పడతాయి. సరిగ్గా కనపడాలని ముందుకు వంగి 45 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్నారనుకోండి, మీ చూపు కెమెరా కన్నా 12 డిగ్రీల పైగా కిందికి దిగుతుంది. ముగ్గురున్నప్పుడు తెర డబ్బాలు డబ్బాలుగా విడిపోయి, ఒకరు కింది వరసలో పడితే అది 18 డిగ్రీల దాకా పోతుంది. అవతల కూర్చున్నవాళ్లకు టేబుల్ మీద కాగితం చూసి మాట్లాడే మనిషి కూడా సరిగ్గా అలాగే కనపడతారు. వాళ్లు అడిగిన ప్రశ్నకు కారణం ఇదే. మీరు చదవలేదని వాళ్లకు తెలిసే దారి లేదు.

ఇక్కడ మనకు పనికొచ్చే విషయం ఒకటి ఉంది. వీడియో కాల్‌లో చూపు కలిసినట్టు ఎప్పుడనిపిస్తుందో స్టాన్‌ఫర్డ్‌లో మిల్టన్ చెన్ అనే పరిశోధకుడు కొలిచి 2002లో ప్రచురించారు. మనం పక్కకు గానీ పైకి గానీ కొంచెం చూసినా అవతలివాళ్లు ఇట్టే పసిగడతారు. కిందికి చూస్తే మాత్రం అంత తొందరగా పట్టుకోలేరు. సుమారు 5 డిగ్రీల లోపు కిందికి చూసినా తమ కళ్లలోకి చూస్తున్నట్టే అనుకుంటారు. కాబట్టి ఆ చుక్కను గుచ్చి చూస్తూ కూర్చోవలసిన పని లేదు. వాళ్ల ముఖాన్ని కెమెరాకు సరిగ్గా కింద, ఆ 5 డిగ్రీల లోపలికి తెచ్చుకుంటే చాలు. 65 సెంటీమీటర్ల దూరం నుంచి చూసేవాళ్లకు 5 డిగ్రీలంటే 5, 6 సెంటీమీటర్లు. కెమెరా కింద మూడు వేళ్లు అడ్డంగా ఆనించి చూడండి, దాదాపు అంతే ఉంటుంది. అవతలి మనిషి కళ్లు ఆ మూడు వేళ్ల లోపల ఉండాలి.

అలా తేవాలంటే మీటింగ్ కిటికీని తెర నిండా ఉంచకుండా చిన్నది చేయాలి. పైన కుడిమూల ఉండే చతురస్రపు గుర్తు నొక్కితే కిటికీ చిన్నదవుతుంది. అంచులు పట్టుకుని అరచేతి వెడల్పుకు దగ్గరగా కుదించి, పైకి లాగి, కెమెరాకు నేరుగా కింద ఆనించండి. ఎడమకో కుడికో జరగనివ్వకండి, పక్క చూపే తొందరగా దొరికిపోతుంది. బ్రౌజర్‌లో మీటింగ్ తెరిస్తే పైన ట్యాబులు, అడ్రసు పట్టీ కలిసి రెండున్నర సెంటీమీటర్లు తినేస్తాయి. ముఖం అంతమేర కిందికి జారుతుంది. మీటింగ్ యాప్‌ను ల్యాప్‌టాప్‌లో దించుకుంటే ఆ జాగా చాలావరకు మిగులుతుంది. కంపెనీ వాళ్లు బ్రౌజర్‌లోనే చేరమంటే ఇంకో నాలుగు వేళ్లు వెనక్కి జరిగి కూర్చోండి. వెనక్కి జరిగినకొద్దీ అదే దూరం తక్కువ కోణంగా కనపడుతుంది. ముఖం కెమెరాకు 7 సెంటీమీటర్ల కింద ఉందనుకుంటే, 45 సెంటీమీటర్ల నుంచి చూస్తే 9 డిగ్రీలు, 75 నుంచి చూస్తే 5 డిగ్రీల పైచిలుకు.

ముగ్గురు ప్యానెల్ అన్నారు కాబట్టి, అందరూ పక్కపక్కన కనిపించే గ్యాలరీ వ్యూ వద్దు. స్పీకర్ వ్యూ పెట్టుకోండి. ఎవరు మాట్లాడితే వాళ్లే ఆ ఒక్క చోటికి వస్తారు, మీ కళ్లు డబ్బా నుంచి డబ్బాకు పరుగులు తీయవు. దీనివల్ల చిన్న నష్టం ఉంది. మీరు జవాబు చెబుతున్నప్పుడు మిగతా ఇద్దరి ముఖాలు చూడలేరు, ఎవరు తల ఊపారో తెలియదు. చూపు నిలకడగా ఉండటం కోసం ఆ నష్టం భరించవచ్చనే నా అభిప్రాయం.

ఇంకొకటి, మీ సొంత బొమ్మ. తెర మూలన మన ముఖం కదులుతుంటే ఎంతటివాళ్లకైనా చూపు అటే పోతుంది. అది పక్కనా ఉంటుంది, కిందా ఉంటుంది. జూమ్‌లో అయితే మీ బొమ్మ మీద కుడి క్లిక్ చేస్తే Hide Self View అని వస్తుంది. కాల్ మొదట్లో ఫ్రేమ్ సరిగ్గా ఉందో లేదో చూసుకుని, వాళ్లు రాకముందే దాచేయండి. మీ బొమ్మ మీకు కనపడదు, వాళ్లకు మామూలుగానే కనపడుతుంది.

ఇక దూరం. భుజం ఆనించి చెయ్యి చాపితే మధ్యవేలి కొన తెరకు తగలాలి. చాలామందికి అది 60 నుంచి 70 సెంటీమీటర్లు వస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ కెమెరాకు ఆ దూరంలో 40, 45 సెంటీమీటర్ల ఎత్తు మేర కనపడుతుంది. మీ తల అందులో సగం తీసుకుంటుంది, భుజాలు, గుండె పైభాగం మిగతా సగంలో పడతాయి. తల మీద రెండు వేళ్ల ఖాళీ ఉండి, కళ్లు ఫ్రేమ్‌లో పైనుంచి మూడో వంతు దగ్గర ఉంటే సరిపోయినట్టే. 40 సెంటీమీటర్లకు వచ్చేస్తే ముఖమే ఫ్రేమ్ నిండిపోతుంది. కెమెరాకు దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయినట్టు ఉంటాయి. మరీ మీటరు దూరం జరిగితే ముఖం చిన్నదవుతుంది, గొంతు గదిలో మోగినట్టు వినపడుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే గొంతు సంగతి తీరిపోతుంది.

మీ కళ్లద్దాల విషయానికి కొంచెం ఎక్కువ చోటు ఇవ్వాలి. ల్యాప్‌టాప్ ఎత్తు గురించి అందరూ చెప్పే సలహా మీకు యథాతథంగా కుదరకపోవడానికి కారణం అదే. ప్రోగ్రెసివ్ అద్దంలో పైభాగం దూరం చూడటానికి, అడుగుభాగం దగ్గర చదవడానికి, మధ్యలో ఇరుకైన పట్టీ కంప్యూటర్ దూరానికి. కెమెరాను సరిగ్గా కళ్ల ఎత్తుకు తెస్తే తెర పైభాగం మీకు అద్దం పైభాగంలోంచి కనపడుతుంది. అది దూరపు పవరు కాబట్టి మసకేస్తుంది. మధ్య పట్టీలోంచి చూద్దామని మీకు తెలియకుండానే గడ్డం ఎత్తుతారు. అప్పుడు కెమెరా కళ్ల ఎత్తులో ఉన్నా, కింది నుంచి తీసినట్టే గడ్డం, ముక్కు రంధ్రాలు కనపడతాయి. పడిన కష్టమంతా వృథా.

దీనికి నాకు మూడు దారులు కనపడుతున్నాయి. మొదటిది, ఎత్తు కొంచెం తగ్గించడం. మీరు నిటారుగా కూర్చున్నప్పుడు టేబుల్ మీద నుంచి మీ కళ్ల దాకా ఎంత ఉందో అమ్మాయి చేత టేపుతో కొలిపించండి. 40 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. తెర నిటారుగా ఉంటే కెమెరా టేబుల్ మీద నుంచి 23 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కళ్ల ఎత్తుకు రావాలంటే 17 సెంటీమీటర్ల పుస్తకాలు కావాలి. మీరు 17 బదులు 13 పెట్టండి. కెమెరా మీ కళ్లకు 4 సెంటీమీటర్లు కింద, దాదాపు ముక్కు కొన ఎత్తులో ఉంటుంది. 70 సెంటీమీటర్ల దూరం నుంచి ఆ తేడా ముఖంలో తెలియదు. తెర మీద ముఖం మాత్రం మీకు మధ్య పట్టీకి దగ్గరవుతుంది, గడ్డం దిగుతుంది. ఖర్చు లేని దారి కాబట్టి ముందు దీన్నే ప్రయత్నించండి.

రెండోది, కంప్యూటర్ దూరానికి మాత్రమే విడిగా ఇంకో జత అద్దాలు చేయించుకోవడం. కళ్లజోళ్ల షాపులో పరీక్ష చేసేవారికి 'నా తెర ఇంత దూరంలో ఉంటుంది' అని కొలిచిన సంఖ్య చెప్పాలి. అద్దం మొత్తం ఒకే పవరు కాబట్టి ఎటు చూసినా తెర స్పష్టంగా ఉంటుంది. ఉద్యోగం వస్తే రోజంతా ఎక్సెల్ షీట్లతోనే కదా, మెడనొప్పి రాకుండా అప్పుడూ పనికొస్తాయి. అయితే వారంలోగా చేతికొస్తాయో లేదో అడగండి, వచ్చాక అలవాటు పడటానికి రెండు మూడు రోజులైనా ఉంచుకోండి. మూడోది, అవతలి ముఖం కొంచెం మసకగానే ఉండనివ్వడం. తల ఊపారా, నోరు తెరిచారా అన్నంత కనపడితే సంభాషణకు సరిపోతుంది. ఎక్సెల్ వచ్చినప్పుడు మాత్రం ఇది పనిచేయదు.

తెర వాలు సంగతి చాలామంది మరచిపోతారు. కింద పెట్టినప్పుడు ముఖం పడాలని తెరను వెనక్కి వాలుస్తాం. ఎత్తు మీదికి చేర్చాక కూడా ఆ వాలు అలాగే ఉంచితే తల ఫ్రేమ్ అడుగున, పైనంతా గోడ కనపడతాయి. ఎత్తాక తెరను దాదాపు నిటారుగా నిలబెట్టాలి. సరిగ్గా ఉందో లేదో మీ వెనకున్న బీరువానో తలుపునో చూస్తే తెలిసిపోతుంది. దాని రెండు నిలువు అంచులు ఫ్రేమ్‌లోనూ నిలువుగా కనపడాలి. పైకి పోయేకొద్దీ దగ్గరవుతుంటే కెమెరా ఇంకా పైకి చూస్తోందన్నమాట. ఒకసారికి ఒక వేలి మందం చొప్పున తెరను ముందుకు వంచుతూ చూడండి, ఎక్కడో ఒక చోట ఆ అంచులు నిటారుగా నిలబడతాయి. వెలుతురు మీ ఎదురుగా ఉండాలి. వెనక కిటికీ గానీ ట్యూబ్‌లైటు గానీ ఉంటే ముఖం నల్లబడుతుంది. అద్దాల మీద తెర తెల్లగా మెరుస్తుంటే తెర వెలుగు తగ్గించండి.

ఇదంతా సరిపోయిందో లేదో మీకు మీరే కాల్‌లో చూసుకుని చెప్పలేరు. మీ బొమ్మలో మీ కళ్లను చూస్తున్నప్పుడు మీరు ఎలాగూ కెమెరాను చూడటం లేదు కదా. రికార్డు చేసి చూడటమే దారి. విండోస్‌లో ఉండే కెమెరా యాప్ చాలు. తెర మీద మూడు చోట్ల చిన్న కాగితం ముక్కలు అంటించండి: కెమెరా కింద మూడు వేళ్ల దూరంలో ఒకటి, తెర నడుమ ఒకటి, కుడి పక్క పైమూలన ఒకటి. ఒక్కోదాన్ని చూస్తూ మీ పరిచయం అర నిమిషం చెప్పండి, చివర కెమెరా చుక్కను చూస్తూ మరో అర నిమిషం. ఏది ఏదో చెప్పకుండా నాలుగూ అమ్మాయికి చూపించి, 'ఎందులో నిన్ను చూస్తున్నట్టుంది?' అని అడగండి. మూడు వేళ్ల దగ్గరిదీ, చుక్కదీ తనకు తేడా తెలియకపోతే మీ కొలత కుదిరినట్టు. మూడు వేళ్లది కూడా కిందికి చూస్తున్నట్టే ఉందంటే ఒక జానెడు వెనక్కి జరిగి మళ్లీ తీయండి. మూల దగ్గరిదాన్ని మాత్రం తను వెంటనే పట్టేస్తుంది చూడండి.

ఇక ఎక్కడ చూడాలి అంటారా? వాళ్లు మాట్లాడుతున్నప్పుడు వాళ్ల ముఖాన్నే చూడండి. అది కెమెరా కిందే ఉంది కాబట్టి వాళ్లకు మీ చూపు అందుతుంది, వాళ్లు ఎప్పుడు ఆపారో మీకు తెలుస్తుంది, మూడోసారి జరిగినట్టు మాట మీద మాట పడదు. మీరు జవాబు మొదలుపెట్టే మొదటి వాక్యం, ముగించే చివరి వాక్యం చుక్కను చూసి చెప్పండి. మధ్యలో ఒక లెక్క గుర్తు తెచ్చుకోవడానికి చూపు పక్కకు పోతే పోనివ్వండి. ఎదురుగా కూర్చున్నా ఆలోచిస్తూ అలాగే చూస్తాం, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. అనుమానం వచ్చేది ఒకే చోటికి పదేపదే చూసినప్పుడు, కళ్లు ఎడమ నుంచి కుడికి వరసగా కదిలినప్పుడు. కాబట్టి కాగితం మీద రాసుకున్న జవాబులు పక్కన పెట్టుకోవద్దు. మరీ కావాలంటే పాత ఉద్యోగాల తేదీలు, రెండు మూడు అంకెలు పెద్ద అక్షరాలతో రాసి మీటింగ్ కిటికీ కింద అంచుకు అంటించుకోండి. ఒక్క చూపులో అందేంత మాత్రమే ఉండాలి.

ఎక్సెల్ టెస్ట్ వచ్చినప్పుడు పరిస్థితి మారుతుంది. 13 సెంటీమీటర్ల పుస్తకాల మీద ఉన్న కీబోర్డు మీద టైప్ చేస్తే భుజాలు లేస్తాయి, తెర ఊగుతుంది, దానితో మీ బొమ్మ కూడా ఊగుతుంది. పైగా చేతులు అందాలని ముందుకు వంగి మళ్లీ 45 సెంటీమీటర్లకు వచ్చేస్తారు. విడిగా యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ దొరికితే టేబుల్ మీద పెట్టుకోండి, అన్ని చిక్కులూ ఒకేసారి తీరతాయి. ఇంట్లో లేకపోతే నాలుగు రోజులకు ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు. అదీ కుదరకపోతే, 'టైప్ చేయడానికి ల్యాప్‌టాప్ కిందికి దించుకుంటానండీ, ఒక్క నిమిషం' అని చెప్పి దించేయండి. పని చేస్తున్నప్పుడు మీ ముఖం ఏ కోణంలో ఉందో వాళ్లు పట్టించుకోరు, షీటు చూస్తారు. తెర షేర్ చేయగానే వాళ్ల ముఖాల డబ్బా చిన్నదై ఏదో ఒక పక్కకు పోతుంది. దాన్ని లాగి మళ్లీ కెమెరా కిందికి తెచ్చుకోవడం ఈలోగా అమ్మాయితో ఒకసారి సాధన చేయండి. షీటు చూస్తున్నంతసేపు 'ఈ కాలమ్‌లో ఫార్ములా పెడుతున్నాను' అంటూ చేస్తున్నది పైకి చెబుతుంటే, మీ కళ్లు ఎక్కడున్నాయో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఫోన్ గురించి. నిలువుగా పెడితే కెమెరా తెర పైన నడుమన ఉంటుంది కాబట్టి చూపు బాగానే కలుస్తుంది, కానీ ఫ్రేమ్ సన్నగా వస్తుంది. అందరూ చేసినట్టు అడ్డంగా తిప్పితే కెమెరా పక్క అంచుకు పోతుంది. అప్పుడు వాళ్ల ముఖం చూస్తే మీ చూపు 7, 8 సెంటీమీటర్లు పక్కకు పడుతుంది. పక్క చూపును మనుషులు ఎంత తొందరగా పట్టేస్తారో పైన చెప్పాను కదా. ఎక్సెల్ టెస్టు ఎలాగూ ఫోన్‌లో సాగదు. అందువల్ల ఇంటర్వ్యూ ల్యాప్‌టాప్‌లోనే చేయండి. అమ్మాయి ఫోన్ నిండా ఛార్జింగ్ పెట్టి, హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్ ముందే ఒకసారి కలిపి చూసుకుని, ఆ రోజు కెమెరాకు కనపడని చోట దగ్గరగా ఉంచుకోండి. నెట్ పోతే రెండు నిమిషాల్లో మళ్లీ లైన్‌లోకి రావచ్చు.